డబ్బు పడిన మాట ఒక్కటి వినబడితే చాలు

సాయంత్రం ఆరు దాటిందంటే మా చిన్నాయన అంగడి ముందర నిలబడడానికి చోటుండదు. పత్తికొండ మార్కెట్లో టమాటా దించి తిరిగొచ్చే ఆటోలు ఆగేది అక్కడే. చేను పని నుంచి వచ్చే ఆడవాళ్లు చక్కెర, టీ పొడి కట్టించుకునేది ఆ వేళకే. 20 రూపాయలు, 35 రూపాయలు, అన్నీ ఇట్లాంటి బేరాలే. ఎవరు స్కాన్ చేశారో, ఎవరు చేసినట్టు చూపించి పోయారో తల ఎత్తి చూసే తీరిక ఆయనకుండదు. ఫోన్ "35 రూపాయలు వచ్చాయి" అని చెబితే చాలు, చేతిలో పొట్లం ఇచ్చేస్తాడు.

ఆ ఫోన్ ఆ ఒక్క మాటే చెప్పి ఊరుకుంటే ఈ వ్యాసంతో పని లేదు. ఊరి వాట్సాప్ గ్రూపు, బంధువుల గ్రూపు, హోల్‌సేల్ అంగడివాళ్ల గ్రూపు, రీచార్జ్ అయిపోతోందని సిమ్ కంపెనీ మెసేజ్, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చార్జింగ్ ఎక్కినట్టు టింగుమనే చప్పుడు. వీటి మధ్య డబ్బు మాట కలిసిపోతుంది. పోయిన దసరాకు ఊరికి పోతే ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఏమ్రా, ఇది చెడిపోయినట్టుంది. అరవాల్సింది అరవదు, అరవకూడనివన్నీ అరుస్తున్నాయి" అన్నాడు.

ఫోన్ చెడిపోలేదు. గ్రూపుల గోల భరించలేక ఆయన పక్క బటన్ కిందికి నొక్కుకుంటూ పోయాడు, అంతే. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి, కాల్ రానప్పుడు ఆ పక్క బటన్ మామూలుగా తగ్గించేది వీడియోలు, పాటల శబ్దాన్ని. మెసేజ్‌ల టింగుటింగును కాదు. డబ్బు పడిందని పలికే గొంతు చాలా యాప్‌లలో వచ్చేది ఆ పాటల దారిలోనే. కాబట్టి ఆయన గోల తగ్గిద్దామని నొక్కిన ప్రతి నొక్కుకూ తగ్గింది డబ్బు మాటే. గోల మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఈ సంగతి ఒక్కటి అర్థమైతే మిగతాదంతా తేలిక. ఫోన్‌లో శబ్దం ఒక్కటి కాదు, నాలుగైదు కుళాయిలు. కాల్ వచ్చినప్పటి రింగు ఒకటి, మెసేజ్‌ల నోటిఫికేషన్ ఒకటి, పాటలు వీడియోలది ఒకటి, అలారం ఒకటి, కాల్‌లో అవతలి మనిషి గొంతు ఒకటి. ఒకదాన్ని కట్టేస్తే ఇంకొకటి ఆగదు. కొన్ని పాత ఫోన్లలో రింగు, నోటిఫికేషన్ రెండూ ఒకే కుళాయికి కలిపి ఉంటాయి. వీటన్నిటినీ ఒకచోట చూడాలంటే పక్క బటన్ ఒకసారి నొక్కండి. స్క్రీన్ మీద ఒక గీత కనిపిస్తుంది. దాని పక్కనో కిందో ఉన్న మూడు చుక్కల్ని, లేదా చిన్న చక్రం గుర్తును తాకితే గీతలన్నీ వరసగా తెరుచుకుంటాయి. `Media` అని రాసి ఉన్నది పాటల కుళాయి.

ముందుగా తేల్చుకోవాల్సింది మీ యాప్ ఏ కుళాయిలో మాట్లాడుతోందన్నది. ఇంట్లో పిల్లోడి ఫోన్ నుంచి మీ అంగడి క్యూఆర్‌కు ఒక రూపాయి పంపించండి. గొంతు పలుకుతున్న ఆ రెండు మూడు సెకన్లలోనే పక్క బటన్ నొక్కండి. అప్పుడు స్క్రీన్ మీద ఏ గీత కదులుతుందో, ఆ గీతను మార్చితే గొంతు నిజంగా పెరిగిందా తగ్గిందా చూడండి. ఒక్కసారికి దొరకకపోతే ఇంకో రూపాయి. నమ్మకం కుదరకపోతే ఇంకో పరీక్ష ఉంది. `Media` గీతను పూర్తిగా కిందికి లాగి, నోటిఫికేషన్ గీతను పైకి పెట్టి రూపాయి పంపండి. గొంతు వినబడకపోతే అది పాటల దారిలోనిదే. వినబడితే నోటిఫికేషన్ దారిలోనిది. మా చిన్నాయన ఫోన్‌లో మూడు రూపాయలకు ఈ సంగతి తేలిపోయింది.

ఇదంతా మొదలుపెట్టేముందు ఒక మాట. మామూలుగా మనం డబ్బు పంపుకునే సొంత యాప్‌లో మాట్లాడే గొంతు ఉండదు, ఒక టింగు మాత్రమే ఉంటుంది. గొంతు ఉండేది వ్యాపారులకని ఇచ్చే బిజినెస్ యాప్‌లో. అంగడి గోడకు అంటించిన క్యూఆర్ ఆ బిజినెస్ ఖాతాదై ఉండాలి. ఆ యాప్ సెట్టింగ్స్‌లో వాయిస్ అలర్ట్ ఆన్ చేసి, భాష తెలుగుకు మార్చుకోవాలి.

పరీక్షలో గొంతు పాటల దారిలోనిదని తేలితే మీ పని సగం అయిపోయినట్టే. `Media` గీతను చివరిదాకా పైకి లాగండి. తర్వాత ఆ గీతల పైన ఉండే గంట గుర్తును తాకి ఫోన్‌ను వైబ్రేట్‌కో సైలెంట్‌కో మార్చండి. ఇప్పుడు రింగు, మెసేజ్‌ల చప్పుడు ఆగిపోతాయి, పాటల కుళాయి తెరిచే ఉంటుంది. సైలెంట్ పెడితే ఫోన్ మొత్తం మూగబోతుందని చాలామంది అనుకుంటారు. సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌లో వీడియో తెరిచి చూడండి, అది మాట్లాడుతూనే ఉంటుంది. డబ్బు గొంతూ అంతే. కొన్ని యాప్‌లు ఫోన్ సైలెంట్‌లో ఉందని చూసి తామూ నోరు మూసుకోవచ్చు, కాబట్టి మార్చిన వెంటనే మళ్లీ ఒక రూపాయి పంపి వినండి.

సైలెంట్ పెట్టడంలో ఒక నష్టం ఉంది. కాల్స్ కూడా వినబడవు. కర్నూలు నుంచి సరుకు తెచ్చే వ్యాన్ అతను ఊరి బయట నిలబడి పది సార్లు చేసినా తెలియదు. కాల్స్ కావాల్సినవాళ్లకు, మనం ఎంచుకున్నవి తప్ప మిగతా చప్పుళ్లను ఆపే `Do Not Disturb` మేలు. ఫోన్ కంపెనీని బట్టి ఇది ఒక్కోచోట దాక్కుని ఉంటుంది కాబట్టి, `Settings` తెరిచి పైన వెతికే పెట్టెలో ఈ మాటే టైప్ చేయండి. లోపల మూడు చోట్ల చూసుకోవాలి. ఎవరి కాల్స్ రానివ్వాలి అన్నచోట స్టార్ గుర్తు పెట్టుకున్నవాళ్లను మాత్రం ఎంచుకుని, ఇంట్లోవాళ్లకు, వ్యాన్ అతనికి స్టార్ పెట్టండి. అక్కడే `Repeat callers` అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే, ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. నిజంగా అవసరం ఉన్నవాడు రెండోసారి చేస్తాడు కదా. ఇక `Media sounds` అన్నది తప్పకుండా ఆన్‌లో ఉండాలి. ఇది ఆఫ్ అయితే ఎంత వాల్యూమ్ పెట్టినా డబ్బు గొంతు రాదు. `Total silence` అనే రకం కొన్ని ఫోన్లలో కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. అది పాటల కుళాయిని, అలారాన్ని కూడా కట్టేస్తుంది.

ఈ సదుపాయంలో నాకు బాగా నచ్చింది టైము పెట్టుకోవచ్చన్నది. సాయంత్రం 6 నుంచి 9 వరకు దానంతటదే ఆన్ అయి, తర్వాత ఆఫ్ అయ్యేట్టు పెట్టాం. మధ్యాహ్నం అంగడిలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నప్పుడు బంధువుల గ్రూపు టింగుటింగు చిన్నాయనకు కావాలట. "అదీ లేకపోతే పొద్దెట్లా పోతుంది?" అన్నాడు.

పరీక్షలో గొంతు నోటిఫికేషన్ దారిలోనిదని తేలితే కథ తిరగబడుతుంది. అప్పుడు ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టడం పనికిరాదు. `Do Not Disturb` లో ఆ యాప్‌కు మినహాయింపు ఇచ్చినా, రింగర్ సైలెంట్‌లో ఉంటే అది పలకదు. ఇక్కడే చాలామంది గంటలు గంటలు తంటాలు పడతారు. మినహాయింపు ఇచ్చాం కదా ఇంకెందుకు రాదని. గేటు తెరిచారు కానీ కుళాయి కట్టేసి ఉంది. కాబట్టి రింగర్ మామూలుగా ఉంచి, నోటిఫికేషన్ గీతను పైకి పెట్టి, `Do Not Disturb` ఆన్ చేసి, అందులో `Apps` అన్నచోట మీ బిజినెస్ యాప్ ఒక్కదాన్నే చేర్చాలి. మిగతా యాప్‌ల మెసేజ్‌లు వచ్చి కూర్చుంటాయి కానీ చప్పుడు చేయవు.

`Do Not Disturb` వద్దనుకునేవాళ్లకు పాత పద్ధతి ఒకటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ శబ్దాన్ని `None` కు మార్చడం. దీంతో ఫోన్ శబ్దాన్ని వాడుకునే యాప్‌లన్నీ మూగబోతాయి. వాట్సాప్‌లాంటివి తమ సొంత టోన్ పెట్టుకుంటాయి కాబట్టి వాటిలోకి విడిగా పోయి, మనుషుల మెసేజ్‌లకు ఒకసారి, గ్రూపులకు ఒకసారి టోన్ తీసేయాలి. ఇంకా తేలికైనది, చప్పుడు చేసిన నోటిఫికేషన్‌ను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే `Silent` అని వస్తుంది, దాన్ని ఎంచుకోవడం. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక యాప్ పంపే నోటిఫికేషన్లు రకాలుగా విడిపోయి ఉంటాయి, ఈ నొక్కుడుతో ఆ ఒక్క రకమే మూగబోతుంది. వారం రోజులు చప్పుడు చేసినదాన్నల్లా ఇట్లా నొక్కుకుంటూ పోతే గోల అదే సద్దుమణుగుతుంది. బ్యాంకు మెసేజ్‌ను మూగ చేయండి, పూర్తిగా ఆఫ్ మాత్రం చేయొద్దు. లెక్క తేడా వచ్చినప్పుడు అదే కావాలి. కరెంటు వచ్చినప్పటి చార్జింగ్ చప్పుడు, కీప్యాడ్ నొక్కుళ్ల చప్పుడు సౌండ్ సెట్టింగ్స్ అడుగున ఉంటాయి. అవి ఆపేయడానికి పరీక్షలేమీ అక్కర్లేదు.

గొంతు పాటల దారిలో ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి మిగిలే ఉంది. `Media` నిండుగా పెట్టాం కదా, ఇప్పుడు పొరపాటున ఒక రీల్ తెరిచినా వీధి వీధంతా వినబడుతుంది. పైగా వీడియో నడుస్తున్నప్పుడు డబ్బు పడితే ఆ రెండు శబ్దాలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. యాప్ బాగా రాసినదైతే తను పలికేటప్పుడు వీడియోను కాసేపు తగ్గిస్తుంది. కాకపోతే రెండూ కలిసి గందరగోళం. షావోమీ ఫోన్లు కొన్నిటిలో సౌండ్ సెట్టింగ్స్ లోపల ఒక్కో యాప్‌కు విడివిడిగా మీడియా వాల్యూమ్ పెట్టుకునే వీలుంది. శాంసంగ్‌లో ఆ కంపెనీదే సౌండ్ అసిస్టెంట్ అనే యాప్ వేసుకుంటే వస్తుంది. అప్పుడు వీడియోల యాప్‌ను సున్నాకు, బిజినెస్ యాప్‌ను నిండుగా పెట్టుకోవచ్చు. ఆ వీలు లేని ఫోన్ అయితే, నా ఉద్దేశంలో, ఇంట్లో మూలన పడి ఉన్న పాత స్మార్ట్‌ఫోన్‌ను అంగడికే వదిలేయడం మంచిది. దానిలో బిజినెస్ యాప్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. వాట్సాప్ కూడా. మూగ చేయాల్సినదే లేకపోతే ఇంత తతంగమూ ఉండదు.

అన్నీ సరిగ్గా పెట్టిన నెల రోజులకు చిన్నాయన మళ్లీ ఫోన్ చేశాడు. గొంతు మళ్లీ రావడం లేదని. దూరం నుంచి ఫోన్‌లో సరిచేయాలంటే ఏం అడగాలో తెలియాలి. నేను ఒకటే అడిగాను, "యాప్ తెరిచి చూడు చిన్నాయనా, డబ్బు పడినట్టు అందులో ఉందా?" ఉందన్నాడు. "తెరవకముందే స్క్రీన్ మీద నోటిఫికేషన్ వచ్చి ఉందా?" వచ్చే ఉందన్నాడు. ఈ రెండు జవాబులతో లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. నోటిఫికేషన్ వేళకు వచ్చి గొంతు మాత్రం రాలేదంటే లోపం శబ్దంలోనే ఉంది. వాల్యూమ్ తగ్గిందా, `Media sounds` ఆఫ్ అయిందా, లేక శబ్దం ఇంకెక్కడికో పోతోందా అన్నది చూడాలి.

నిజంగానే ఇంకెక్కడికో పోతోంది. అంగడి వెనకే ఇల్లు. చిన్నమ్మ భజన పాటలు వినడానికి ఆయన ఫోన్‌కే బ్లూటూత్ స్పీకర్ కలిపి, తర్వాత ఆపకుండా వదిలేసింది. డబ్బు పడినప్పుడల్లా గొంతు వంటింట్లో పలుకుతోంది. చిన్నమ్మకు వినబడుతూనే ఉంది. "నాకెందుకు చెప్తోందో అనుకుంటి" అందట. పాటల దారిలో పోయే ప్రతి శబ్దమూ బ్లూటూత్ కలిసి ఉంటే అటే పోతుంది. స్పీకరే కానక్కర్లేదు, జేబులో మరిచిపోయిన ఇయర్‌బడ్స్ కూడా ఇదే పని చేస్తాయి. అంగడి ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్ చేసి ఉంచడం మేలు.

రెండో ప్రశ్నకు ఆయన "లేదురా, యాప్ తెరిచాకే గబగబా అన్నీ ఒకేసారి వచ్చాయి" అని ఉంటే లోపం శబ్దానిది కాదు. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చింది. స్క్రీన్ ఆరిపోయి కదలకుండా ఉన్న ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చడం ఆండ్రాయిడ్ 6 నుంచీ ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లు దానికి మించి కఠినంగా ఉంటాయి. అంగడిలో బోర్లా పెట్టి గంటసేపు ముట్టుకోని ఫోన్‌లో ఇది జరుగుతుంది. ఆ యాప్ గుర్తును నొక్కి పట్టి యాప్ వివరాల్లోకి పోయి, బ్యాటరీ అన్నచోట `Unrestricted` ఎంచుకోండి. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లలో ఆటోస్టార్ట్ అని ఇంకోటుంటుంది, అదీ ఆన్ చేయాలి. డేటా సేవర్ వాడుతుంటే అందులో కూడా ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కి ఉంటే గొంతు కూడా రాకపోవచ్చు. సరిచేశాక పరీక్ష ఫోన్ చేతిలో పట్టుకుని చేస్తే లాభం లేదు. స్క్రీన్ ఆర్పి, అరగంట పక్కన పెట్టి, అప్పుడు రూపాయి పంపండి.

మొదటి ప్రశ్నకే లేదన్న జవాబు వస్తే, అంటే యాప్ తెరిచి చూసినా ఆ డబ్బు కనిపించకపోతే, సెట్టింగ్స్ తిప్పడం ఆపేయండి. ముందు నెట్ ఉందో లేదో చూసి, ఉంటే కొనుక్కున్న మనిషి ఫోన్‌లో ఆ చెల్లింపుకు గుర్తుగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు అడగండి. డబ్బు అతని ఖాతాలో తగ్గి మీకు రాకపోతే, ఆ నంబరుతోనే బ్యాంకులో అడగాలి. అంగడికి చేసిన యూపీఐ చెల్లింపు ఇట్లా మధ్యలో ఆగితే బ్యాంకులు 5 రోజుల్లోపు దానంతటదే తిరిగి వేయాలని 2019లో రిజర్వు బ్యాంకు చెప్పింది.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి, ఎందుకంటే అది ఈ గొంతు మీద నమ్మకాన్నే వాడుకుంటుంది. డబ్బు పంపినట్టు పచ్చ టిక్కు చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి, వాటిలో కొన్ని చప్పుడు కూడా చేస్తాయి. గిరాకీ ఉన్న వేళలో మాట ఎటువైపు నుంచి వచ్చిందో గుర్తుపట్టడం కష్టం. అందుకే అంగడి ఫోన్‌ను జేబులో, గల్లాపెట్టె లోపల పెట్టకుండా మీ చెవి పక్కన, ఎప్పుడూ ఒకే చోట పెట్టండి. గొంతు ఆ మూల నుంచే రావాలి. చిన్నాయన త్రాసు వెనక గోడకు కొయ్య పలక కొట్టి దాని మీద పెట్టాడు.

ప్లే స్టోర్‌లో నోటిఫికేషన్లన్నీ చదివి వినిపించే యాప్‌లు కూడా దొరుకుతాయి. సొంత ఖాతాకే డబ్బు తీసుకునేవాళ్లు, బిజినెస్ ఖాతా ఎందుకులే అని ఇవి వేసుకుంటారు. అవి పనిచేయాలంటే ఫోన్‌కు వచ్చే ప్రతి నోటిఫికేషన్‌ను చదివే అనుమతి ఇవ్వాలి. చాలా ఫోన్లలో మీ ఓటీపీలు కూడా వాటికి కనిపించవచ్చు. నేనైతే అంగడి డబ్బు ఉన్న ఫోన్‌లో వీటిని పెట్టను, పెట్టనివ్వను.

కంపెనీలు ఇచ్చే సౌండ్‌బాక్స్ సంగతి కూడా చిన్నాయన అడిగాడు. దానికి సొంత సిమ్, సొంత స్పీకర్ ఉంటాయి. వాట్సాప్ లేదు, బ్లూటూత్ పాటలు లేవు, కాబట్టి పైన చెప్పిన గొడవల్లో ఎక్కువ భాగం ఉండవు. కానీ చాలావాటికి నెల నెలా అద్దె ఉంటుంది. దానిలోని సిమ్ నెట్‌వర్క్ మీ ఊళ్లో అందకపోతే అదీ మూగదే. తీసుకునేముందు అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ ఒకటి అంగడి లోపల, సరిగ్గా బాక్స్ పెట్టే చోట పెట్టి, సాయంత్రం గిరాకీ వేళ సిగ్నల్ చూడమన్నాను. చూశాడు. రెండు గీతలు కూడా రాలేదు. ఫోనే ఉండనీలే అన్నాడు.